వడ్ల కేంద్రం షీట్: ఫిల్టర్ పెట్టినా, వరుసలు దాచినా టోటల్ సరిగ్గా రావాలి (ప్రాజెక్టు డైరీ)

సోమవారం

నల్లగొండకు దగ్గర్లో ఒక ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం కోసం ఎక్సెల్ షీట్ తయారు చేస్తున్నాను. కేంద్రాన్ని మహిళా సంఘం నడిపిస్తోంది. కాంటా వేసిన ప్రతి రైతుదీ ఒక వరుస: తేదీ, టోకెన్, సన్నాలా దొడ్డు వడ్లా, ఎన్ని సంచులు, ఎన్ని క్వింటాళ్లు, ఏ లారీకి ఎక్కాయి. పోయిన సీజన్‌లో వాడిన ఫైలు ఒకటి ఉంది. అందులోని టోటళ్ల మీద ఎవరికీ నమ్మకం లేదు. కేంద్రం చూసుకునే అక్క చెప్పిన సమస్య చాలా సూటిగా ఉంది.

"తమ్మీ, సన్నాలు ఒక్కటే చూపియ్ అని ఫిల్టర్ పెడ్తే కింద టోటల్ అంతే ఉంటది. ఇంకోసారి అదే ఫైల్ల వేరే టోటల్ వస్తది. ఏది రాసి పంపాలె?"

పాత ఫైలు తెరిచి చూస్తే ఆమె మాట నిజమే. సంచుల కింద ఉన్న గడిలో `SUM` ఉంది, పక్కనే క్వింటాళ్ల కింద `SUBTOTAL` ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు గడులు రెండు రకాలుగా లెక్క చెబుతుంటే మనిషికి ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది?

కారణం కూడా దొరికింది. మామూలు జాబితా కింద Alt, = నొక్కితే ఎక్సెల్ `SUM` రాస్తుంది. అదే జాబితా మీద ఫిల్టర్ నడుస్తున్నప్పుడు అవే మీటలు నొక్కితే `SUBTOTAL(9,…)` రాస్తుంది. ఒక టోటల్ ఫిల్టర్ లేనప్పుడు వేశారు, రెండోది ఫిల్టర్ ఉన్నప్పుడు వేశారు. పైకి రెండింటికీ తేడా కనిపించదు. గడి మీద క్లిక్ చేసి ఫార్ములా బార్ చూసేవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి ఈ షీట్‌లో ప్రతి టోటల్ ఏ వరుసలను కలుపుతోంది, ఏ వరుసలను వదిలేస్తోంది అన్నది ముందే నిర్ణయించుకుని, దాని పేరు ఆ గడి మీదే రాయాలి. మిగతా హంగులన్నీ తర్వాత.

మంగళవారం

అసలు ఫైలు ముట్టుకోకుండా ఎనిమిది వరుసల చిన్న పరీక్ష షీట్ పెట్టుకున్నాను. సంచికి 40 కిలోలు కాబట్టి సంచులను 0.4తో గుణిస్తే క్వింటాళ్లు వస్తాయి. లెక్క నోటితో వేసుకునేంత చిన్నగా ఉంటేనే ఫార్ములా తప్పు వెంటనే పట్టుబడుతుంది.

| వరుస | టోకెన్ (B) | రకం (C) | సంచులు (D) | క్వింటాళ్లు (E) | లారీ (F) |
|---|---|---|---|---|---|
| 6 | 41 | సన్న | 50 | 20 | లారీ 1 |
| 7 | 42 | దొడ్డు | 75 | 30 | లారీ 1 |
| 8 | 43 | సన్న | 100 | 40 | లారీ 1 |
| 9 | 44 | సన్న | 25 | 10 | లారీ 2 |
| 10 | 45 | దొడ్డు | 120 | 48 | లారీ 2 |
| 11 | 46 | దొడ్డు | 65 | 26 | లారీ 2 |
| 12 | 47 | సన్న | 80 | 32 | నిల్వ |
| 13 | 48 | దొడ్డు | 40 | 16 | నిల్వ |

మొత్తం 222 క్వింటాళ్లు. అందులో సన్నాలు 102, దొడ్డు వడ్లు 120. లారీ ఎక్కనివాటికి F నిలువులో ఖాళీ వదలకుండా "నిల్వ" అని రాశాను. ఖాళీ గడులు ఉంటే ఫిల్టర్ జాబితాలో వెతుక్కోవాలి, లారీల వారీగా విడగొట్టేటప్పుడూ ఇబ్బందే.

టోటళ్లను కింద కాకుండా పైన పెట్టాను. హెడ్డింగులు 5వ వరుసలో, టోటళ్లు 2, 3 వరుసల్లో, మధ్యలో 4వ వరుస ఖాళీ. ఆ ఖాళీ వరుస ఉండాల్సిందే. లేకపోతే ఫిల్టర్ పెట్టేటప్పుడు ఎక్సెల్ టోటళ్లను కూడా జాబితాలో భాగమనుకోవచ్చు. ఫిల్టర్ హెడ్డింగు కింద ఉన్న వరుసలనే దాస్తుంది కాబట్టి పైన ఉన్న టోటల్ ఎప్పుడూ కనిపిస్తుంది. సీజన్ మధ్యలో వందల వరుసలు పెరిగినా కిందికి జరుపుకుంటూ పోవాల్సిన పని లేదు.

ఇప్పుడు మూడు ఫార్ములాలు పక్కపక్కన పెట్టాను.

```
=SUM(E6:E13)
=SUBTOTAL(9,E6:E13)
=SUBTOTAL(109,E6:E13)
```

`SUBTOTAL`లో మొదటి అంకె ఏ లెక్క వేయాలో చెబుతుంది. 9 అంటే కూడిక, 1 సగటు, 2 అంకెలున్న గడుల లెక్క, 3 ఖాళీ కాని గడుల లెక్క, 4 అన్నింటికన్నా ఎక్కువ, 5 అన్నింటికన్నా తక్కువ. ఇలా 11 వరకు ఉన్నాయి. అవే లెక్కలకు 100 కలిపితే 101 నుంచి 111 వరకు రెండో వరస వస్తుంది. కూడిక మారదు. ఏ వరుసలను వదిలేయాలన్నదే మారుతుంది.

సన్నాలకు ఫిల్టర్ పెట్టి చూశాను. `SUM` 222 దగ్గరే ఉంది. 9, 109 రెండూ 102 చూపించాయి. ఫిల్టర్ తీసేసి, 45, 46 టోకెన్ల వరుసలను చేత్తో ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి Hide కొట్టాను. దాచినవి 48, 26 కలిపి 74 క్వింటాళ్లు.

| స్థితి | SUM | 9 | 109 |
|---|---|---|---|
| ఏమీ దాచలేదు | 222 | 222 | 222 |
| సన్నాలకు ఫిల్టర్ | 222 | 102 | 102 |
| రెండు వరుసలు చేత్తో దాచాం | 222 | 222 | 148 |

విషయమంతా ఈ పట్టికలోనే ఉంది. ఫిల్టర్ పక్కన పెట్టిన వరుసలను 9 అయినా, 109 అయినా ఎప్పుడూ కలపవు. చేత్తో దాచిన వరుసలను 9 కలుపుతుంది, 109 కలపదు. చాలామంది 9 అంటే దాచినవన్నీ కలుపుతుందని అనుకుంటారు, ఫిల్టర్ దగ్గర అది నిజం కాదు.

పరీక్షలు చేసేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒకటి: ఫిల్టర్ నడుస్తుండగా చేత్తో వరుసలు దాచకూడదు. అప్పుడు రెండు రకాల దాపరికాలు కలిసిపోయి, ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒకటి తీసేశాకే ఇంకోటి పరీక్షించాలి.

బుధవారం

ఉదయం కేంద్రానికి వెళ్లి ఎనిమిది వరుసల షీట్ అక్కకు చూపించాను. ఒకవైపు కాంటాలు నడుస్తున్నాయి, హమాలీలు సంచులు కుడుతున్నారు. ఆమె పట్టికను ఒక్కసారి చూసి అసలు ప్రశ్న అడిగింది.

"దాచిపెట్టిన వరుసల వడ్లు ఎటు పోయినయ్ మరి? 148 అని రాసి పంపితే ఆ ఇద్దరు రైతుల వడ్లు లేనట్టే కదా?"

అదే భయం నాకూ ఉంది. పాత ఫైలు వాడినవాళ్లు డబ్బులు పడిన రైతుల వరుసలను చేత్తో దాచేవారట, స్క్రీన్ మీద తక్కువ వరుసలు ఉంటాయని. ఆ అలవాటు ఉన్నచోట టోటల్ గడిలో 109 పెడితే, వరుస దాచిన ప్రతిసారీ సీజన్ మొత్తం తగ్గిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అంకె మాత్రమే చిన్నదవుతుంది. 9 పెడితే ఇంకో చిక్కు: స్క్రీన్ మీద ఆరు వరుసలే కనిపిస్తాయి, టోటల్ ఎనిమిదింటిది ఉంటుంది. ప్రింట్ తీసి లారీ డ్రైవర్ చేతికిస్తే, మిల్లు దగ్గర కాగితం మీది వరుసలు కూడి చూసినవాళ్లకు లెక్క కుదరదు.

అందుకే 9 మంచిదా 109 మంచిదా అని కాకుండా, ఆ షీట్‌లో వరుస దాచడానికి అర్థం ఏమిటని అడగాలి. కేవలం చూపు కోసం మడిచిపెట్టాం, వడ్లు మాత్రం లెక్కలో ఉండాలి అంటే 9. కంటికి, కాగితానికి కనిపించేవాటి మొత్తమే కావాలి అంటే 109. ఏం దాచినా, ఏ ఫిల్టర్ పెట్టినా మారకూడదు అంటే అది `SUBTOTAL` పని కాదు, `SUM` పని.

మా షీట్‌కు ఇలా నిర్ణయించాం. 2వ వరుసలో పేర్లు, 3వ వరుసలో ఫార్ములాలు. సీజన్ మొత్తానికి 500 వరుసలు సరిపోతాయని 505 వరకు పెట్టాను.

```
=SUM(E6:E505)
=SUBTOTAL(109,E6:E505)
=SUBTOTAL(3,B6:B505)-SUBTOTAL(103,B6:B505)
```

మొదటి గడి పేరు "సీజన్ మొత్తం", రెండోది "ఇప్పుడు కనిపిస్తున్నవి". మూడోదానికి అక్కే పేరు పెట్టింది: "దాచిన వరుసలు".

ఈ మూడో గడి పనిచేసే తీరు చూడండి. 3 టోకెన్ల సంఖ్య చెబుతుంది, చేత్తో దాచినవాటిని కూడా కలిపి. 103 కూడా టోకెన్ల సంఖ్యే చెబుతుంది, కానీ చేత్తో దాచినవాటిని వదిలేసి. తీసివేస్తే మిగిలేది చేత్తో దాచిన వరుసల సంఖ్య. పరీక్ష షీట్‌లో 45, 46 దాచగానే 8 లోంచి 6 పోయి 2 చూపించింది. సున్నా కాకపోతే గడి ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. లెక్క కోసం B నిలువునే ఎంచుకోవడానికి కారణం ఉంది. టోకెన్ చేత్తో కొట్టేది, అందుకే ఖాళీ వరుసల్లో నిజంగా ఖాళీగా ఉంటుంది. E నిలువులో ఫార్ములా చివరిదాకా ఉంది కాబట్టి ఖాళీ వరుసల్లో కూడా 0 కనిపిస్తుంది, లెక్కలోకి వచ్చేస్తుంది.

ఈ గడిని ఫిల్టర్ తీసేశాకే చూడాలి. ఫిల్టర్ ఉండగా అది చూపించే సంఖ్య మీద ఆధారపడవద్దని పక్కనే రాసిపెట్టాను.

ఫార్ములా లేకుండా కంటితో గుర్తుపట్టే పద్ధతి కూడా అక్కకు చూపించాను. ఫిల్టర్ పనిచేస్తుంటే ఎడమవైపు వరుస నంబర్లు నీలంగా మారతాయి, హెడ్డింగు బాణం చోట చిన్న గరాటు బొమ్మ వస్తుంది. చేత్తో దాచితే నంబర్లు రంగు మారవు. 9 తర్వాత నేరుగా 12 వస్తుంది, అంతే.

గురువారం

లారీల వారీగా మొత్తాలు కావాలి. ఇది వేరే షీట్‌లో చేస్తున్నాను. వరుసలన్నీ F ప్రకారం ఒకే లారీవి ఒకచోట ఉండేలా చూసుకుని, డేటా ట్యాబ్‌లోని Subtotal బటన్ నొక్కి, At each change in దగ్గర లారీ, Use function దగ్గర Sum, Add subtotal to దగ్గర క్వింటాళ్లు ఎంచుకున్నాను. ఎక్సెల్ ప్రతి లారీ కింద ఒక వరుస చేర్చి టోటల్ వేసింది: లారీ 1కి 90, లారీ 2కి 84, నిల్వ 48. చివర Grand Total 222.

ఇక్కడ పాత ఫైలులో ఇంకో గొడవ బయటపడింది. అందులో లారీల టోటళ్లను ఎవరో చేత్తో `SUM`తో రాశారు, చివరి మొత్తాన్ని కూడా పై నుంచి కింద దాకా `SUM`తోనే కూడారు. అంటే రైతుల క్వింటాళ్లు ఒకసారి, లారీ టోటళ్ల రూపంలో అవే క్వింటాళ్లు ఇంకోసారి. మన ఎనిమిది వరుసలతో అదే చేస్తే 222 బదులు 444 వస్తుంది. మొత్తం సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

`SUBTOTAL` ఈ గొడవను తనంతట తానే తప్పిస్తుంది. తాను కూడాల్సిన గడుల్లో ఇంకో `SUBTOTAL` కనిపిస్తే దాన్ని వదిలేస్తుంది. కానీ లోపలి టోటళ్లు కూడా `SUBTOTAL`తోనే ఉండాలి. లారీల దగ్గర `SUM` ఉంచి చివర ఒక్కదాన్నే `SUBTOTAL` చేస్తే 444 అలాగే ఉంటుంది. నేను రెండు రకాలుగానూ చేసి చూశాను.

తర్వాత ఎడమ మార్జిన్‌లో వచ్చిన 1, 2, 3 బటన్లలో 2 నొక్కాను. రైతుల వరుసలు మడుచుకుపోయి లారీల టోటళ్లు మాత్రం మిగిలాయి. మడవడం కూడా చేత్తో దాచడం కిందికే వస్తుంది. ఎక్సెల్ ఈ బటన్‌తో రాసిన ఫార్ములా ఏమిటంటే:

```
=SUBTOTAL(9,E6:E8)
```

ఇందులో 9ని 109గా మార్చి చూశాను. మడవగానే లారీ 1 మొత్తం 0 అయింది. తెరవగానే 90. వడ్లు లారీలోనే ఉన్నాయి, లెక్కలోంచి మాత్రం మాయమయ్యాయి. 9 ఎందుకు ఉందో ఇక్కడ చక్కగా తెలుస్తుంది: వివరాలు మడిచి మొత్తాలు చూసుకోవడానికి. "109 కొత్తది, అదే వాడాలి" అని గుడ్డిగా అన్నింటినీ మార్చేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క పరీక్ష చేసి చూస్తే చాలు.

ఈ షీట్‌లో 9 అలాగే ఉంచాను.

శుక్రవారం

అక్క కొత్త అవసరం చెప్పింది. లారీ 2కి ఫిల్టర్ పెట్టినప్పుడు, అందులో సన్నాలెన్ని, దొడ్డువెన్ని అని పైన విడివిడిగా కనిపించాలి. మిల్లుకు పోయే ట్రక్ షీట్‌లో రకం రాయాలి కదా.

`SUMIFS` రకాన్ని బట్టి కూడుతుంది కానీ ఫిల్టర్‌ను పట్టించుకోదు. `SUBTOTAL` ఫిల్టర్‌ను పట్టించుకుంటుంది కానీ షరతు పెట్టనివ్వదు. రెండింటినీ కలపడానికి `SUMPRODUCT`, `OFFSET`తో పొడవాటి ఫార్ములా ఒకటి ఉంది. పనిచేస్తుంది కానీ, రేపు నేను లేనప్పుడు దాన్ని ఎవరూ విప్పి చదవలేరు. అందుకే G నిలువులో ఒక సాయం గడి పెట్టుకున్నాను, దాని హెడ్డింగు "చూపు".

```
=SUBTOTAL(103,B6)
```

ఒక్క గడినే లెక్కపెట్టమన్నాం కాబట్టి వరుస కనిపిస్తుంటే 1, దాగి ఉంటే 0. దీన్ని కింది వరకు లాగి, పైన రెండు ఫార్ములాలు రాశాను.

```
=SUMIFS(E6:E505,C6:C505,"సన్న",G6:G505,1)
=SUMIFS(E6:E505,C6:C505,"దొడ్డు",G6:G505,1)
```

లారీ 2కి ఫిల్టర్ పెట్టాలి, సన్న 10, దొడ్డు 74 రావాలి. కలిపితే 84, నిన్నటి లారీ టోటల్‌తో సరిపోవాలి. మొదట సన్నాల ఫిల్టర్‌తో పరీక్షిద్దామని ఎనిమిది వరుసల షీట్‌లో ఫిల్టర్ కొత్తగా తీసి పెట్టాను. అక్కడ ఒక వింత కనిపించింది. సన్నాలు ఒక్కటే ఎంచుకున్నా, చివరి వరుస, అంటే టోకెన్ 48, దొడ్డు వడ్లది, పోకుండా కింద అలాగే నిలబడింది. "కనిపిస్తున్నవి" గడి 102 బదులు 118 చూపిస్తోంది. ఎక్కువ వచ్చిన 16 ఆ వరుసదే.

ఇది ఎక్సెల్ ఊహ వల్ల వచ్చే సమస్య. జాబితా చివరి వరుసలో `SUBTOTAL` ఉంటే, అది టోటల్ వరుస అయి ఉంటుందనుకుని దాన్ని ఫిల్టర్ బయట వదిలేస్తుంది. మామూలుగా చూస్తే అది మంచి ఊహే, కింద టోటల్ పెట్టుకునేవాళ్లకు టోటల్ దాగకుండా ఉంటుంది. మాకు మాత్రం ప్రతి వరుసలోనూ `SUBTOTAL` ఉంది కాబట్టి చివరి రైతు టోటల్ వరుసగా మారిపోయాడు. పెద్ద జాబితాలో దీన్ని గుర్తుపట్టడం కష్టం. చివర ఉన్న ఆ ఒక్క వరుసను ఎవరు చూస్తారు? ఫిల్టర్ పెట్టాక జాబితా అడుక్కి వెళ్లి, ఎంచుకోని రకం ఏదైనా మిగిలిందా అని చూడటమే మార్గం.

మందు చిన్నదే. ఫార్ములా చివర 1తో గుణిస్తే విలువ మారదు, కానీ ఎక్సెల్ దాన్ని టోటల్ వరుసగా అనుకోదు.

```
=SUBTOTAL(103,B6)*1
```

ఫిల్టర్ తీసేసి, G నిలువంతా మార్చి, మళ్లీ ఫిల్టర్ పెట్టాను. సన్నాలకు 102 వచ్చింది. లారీ 2కి సన్న 10, దొడ్డు 74. ఆ పాత ఫిల్టర్ తీసి కొత్తగా పెట్టడం ముఖ్యం, ఎందుకంటే ఫిల్టర్ హద్దులు అది పెట్టినప్పుడే ఖరారవుతాయి.

ఇంకో సంగతి. వరుసలు దాచినప్పుడు పనిచేసే ఈ తెలివి నిలువులు దాచినప్పుడు పనిచేయదు. పాత ఫైలులో ఒక షీట్ తేదీలను అడ్డంగా పరుచుకుని ఉంది, ఒక్కో తేదీ ఒక్కో నిలువు. అందులో కొన్ని తేదీలను దాచితే `SUBTOTAL(109,…)` అడ్డంగా అన్నింటినీ కలుపుతూనే ఉంటుంది. తేదీలు కిందికి పోయేలా షీట్‌ను తిప్పి రాయడమే దానికి సులువైన దారి. నేను ఆ షీట్‌ను పూర్తిగా వదిలేశాను.

శనివారం

ఇవాళ తేలాల్సింది: జాబితాను Ctrl, T నొక్కి టేబుల్ చేయాలా, మామూలుగానే ఉంచాలా?

టేబుల్ వైపు మంచి కారణాలున్నాయి. కొత్త వరుస రాయగానే హద్దు దానంతట అదే పెరుగుతుంది, 505 లాంటి అంచనాలు అక్కర్లేదు. Total Row పెడితే ఎక్సెల్ తానే `SUBTOTAL(109,[క్వింటాళ్లు])` రాస్తుంది. హద్దులు ముందే తెలుసు కాబట్టి చివరి వరుస గొడవ కూడా రాదు. డేటా ట్యాబ్‌లోని Subtotal బటన్ టేబుల్‌లో పనిచేయదు, అయినా లారీల పని వేరే షీట్‌లో ఉంది కాబట్టి అది అడ్డు కాదు.

కానీ మాకు అసలు కావలసింది ఎవరూ చేత్తో వరుసలు దాచకుండా ఉండటం. దానికి Protect Sheet ఉంది. అందులో Use AutoFilter టిక్ పెట్టి, Format rows టిక్ లేకుండా వదిలేస్తే, ఫిల్టర్ పనిచేస్తుంది, వరుసలు దాచడం మాత్రం కుదరదు. సమస్య ఏమిటంటే, ప్రొటెక్ట్ చేసిన షీట్‌లో టేబుల్ కొత్త వరుసలకు పెరగదు. కాంటా జరుగుతున్నంతసేపు వరుసలు చేరుతూనే ఉండాలి. అందుకే టేబుల్ వద్దనుకున్నాను.

చేసిన వరస ఇదీ. A నుంచి D వరకు, F నిలువు కూడా, 6 నుంచి 505 దాకా ఎంచుకుని ఫార్మాట్ సెల్స్‌లో Locked టిక్ తీసేశాను. E, G, పైన టోటళ్లు లాక్ అయ్యే ఉన్నాయి. A5 నుంచి G505 వరకు మొత్తం ఎంచుకుని Ctrl, Shift, L తో ఫిల్టర్ పెట్టాను. ప్రొటెక్ట్ చేయడానికి ముందే ఫిల్టర్ పెట్టుకోవాలి, తర్వాత పెట్టనివ్వదు. ఖాళీ వరుసలతో సహా ఎంచుకోవడం వల్ల రేపు చేరే రైతులు కూడా ఫిల్టర్ హద్దులోనే ఉంటారు. ఆ తర్వాతే ప్రొటెక్ట్ చేశాను.

ఒక లోటు ఉంది. లాక్ అయిన గడులు మధ్యలో ఉన్నందున ఈ షీట్‌లో సార్ట్ పనిచేయదు. అక్కతో మాట్లాడితే "టోకెన్ వరసనే మనకు కావాలె, సార్టింగ్ ఎందుకు" అంది. ఆ మాటతో అది తేలిపోయింది. లారీల షీట్‌కు కావలసిన వరుసలను కాపీ చేసుకుని అక్కడే సార్ట్ చేస్తాం.

ప్రొటెక్షన్ ఉన్నా "దాచిన వరుసలు" గడి తీసేయలేదు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు విప్పి ఏదైనా దాచి మళ్లీ మూసేయవచ్చు. అప్పుడు ఆ ఎరుపే చెప్పాలి.

ఆదివారం

అసలు ఫైలులోకి పోయిన వారం టోకెన్లు ఎక్కించి, అక్కను కూర్చోబెట్టి సరిచూశాం. ఒక్కో లారీకి ఫిల్టర్ పెట్టి, కనిపించే క్వింటాళ్ల గడులను మౌస్‌తో ఎంచుకుంటే కింద స్టేటస్ బార్‌లో Sum కనిపిస్తుంది. అది పైన "కనిపిస్తున్నవి" గడితో, పుస్తకంలో రాసుకున్న ట్రక్ షీట్ అంకెతో సరిపోవాలి. మూడూ కలిసిన లారీకి పుస్తకంలో టిక్ పెట్టాం.

ఒక లారీ దగ్గర ఫిల్టర్ మార్చినా పై అంకె కదల్లేదు. ఫార్ములా బాగానే ఉంది. స్టేటస్ బార్‌లో ఎడమవైపు Calculate అనే మాట ఉంది. అంటే కాలిక్యులేషన్ మాన్యువల్‌లో ఉంది. అక్క కంప్యూటర్‌లో అంతకుముందు తెరిచి ఉంచిన పాత ఫైలు మాన్యువల్‌లో సేవ్ అయి ఉంది, దానివల్ల ఆ తర్వాత తెరిచిన మా ఫైలు కూడా మాన్యువల్‌లోకి వెళ్లింది. F9 కొడితే అంకె సరైంది. ఫార్ములాస్ ట్యాబ్‌లో Calculation Options దగ్గర Automatic పెట్టి సేవ్ చేశాం. పాత ఫైలును పక్కన తెరిచి ఉంచొద్దని అక్కకు చెప్పాను.

ఇక మిగిలింది ఒకటే పని. లారీ పేరు ఒకరు "లారీ 2" అని, ఇంకొకరు "లారీ2" అని కొట్టారు. ఫిల్టర్‌కు అవి రెండు వేర్వేరు లారీలు, సబ్‌టోటల్ కూడా రెండుగా విడిపోతుంది. F నిలువుకు డేటా వాలిడేషన్‌తో లారీల జాబితా పెట్టి, డ్రాప్‌డౌన్ నుంచే ఎంచుకునేలా చేయాలి. C నిలువుకు సన్న, దొడ్డు అనే రెండు మాటలు ఇప్పటికే అలా పెట్టాను. రేపు కాంటా మొదలవకముందే లారీలవి కూడా పెట్టేసి ఫైలు అప్పగిస్తాను.